హోమ్ లోన్ వడ్డీ సర్టిఫికెట్ మీద "ప్రొవిజనల్" అని ఉంటే ఆ అంకెలను నమ్మకండి

బ్యాంకు పేరు ఇక్కడ రాయడం లేదు. ఏ బ్యాంకులో హోమ్ లోన్ ఉన్నవారికైనా ఈ గతి పట్టవచ్చు కనుక పేరుతో పని లేదు. పాత పన్ను విధానంలో ఉండి, తాము నివసించే ఇంటి మీద అప్పు తీరుస్తూ, అసలుకు సెక్షన్ 80సి కింద, వడ్డీకి 24(బి) కింద మినహాయింపు కోరుకునే ఉద్యోగుల కోసం ఇది రాస్తున్నాను. కొత్త విధానంలో ఉన్నవారికి సొంతంగా ఉంటున్న ఇంటి విషయంలో ఈ రెండూ లేవు.

2024 ఏప్రిల్ 1 నాటికి నా అప్పు నిల్వ సరిగ్గా 20,00,000 రూపాయలు. వడ్డీ 9 శాతం, ఈఎంఐ 17,995. జూలై ఈఎంఐ కట్టిన వెంటనే చేతిలో ఉన్న 4,00,000 రూపాయలను అసలులోకి జమ చేయించి, ఈఎంఐ మార్చకుండా కాలవ్యవధి తగ్గించమని రాసిచ్చాను. రసీదు ఇచ్చారు, కాలవ్యవధి తగ్గించారు, అంతవరకు ఏ పేచీ లేదు.

ఫిబ్రవరిలో ఆఫీసువాళ్లు పెట్టుబడుల రుజువులు అడిగినప్పుడు బ్రాంచికి వెళ్లి వడ్డీ సర్టిఫికెట్ తీసుకున్నాను. అందులో ఏడాది మొత్తానికి వడ్డీ 1,78,480, అసలు 37,460 అని ఉంది. కట్టిన నాలుగు లక్షల ఊసే లేదు. కౌంటర్‌లో ఉన్న అధికారికి ఆ కాగితం తిరిగి చూపించి, "జూలైలో నాలుగు లక్షలు కట్టానండీ, అసలు గడిలో అది కనిపించడం లేదేమిటి?" అని స్పష్టంగానే అడిగాను. ఆయన తెర మీంచి చూపు తిప్పకుండా, "సిస్టమ్ ఇచ్చిందే ఫైనల్ సార్, పార్ట్ పేమెంట్ ఇందులో రాదు, ఇదే ఆఫీసులో ఇచ్చేయండి" అన్నారు. నా వెనుక వరుసలో ఉన్నాయన గొంతు సవరించుకోవడంతో కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. బ్యాంకు కుర్చీలో కూర్చున్న మనిషి బ్యాంకు కాగితం గురించి చెబుతుంటే నమ్మకపోతే ఎలా, అనుకునేంత అమాయకత్వం నాలో ఇంకా మిగిలి ఉందని అప్పుడే తెలిసింది.

దాని ఫలితం చూడండి. నా పీఎఫ్ 60,000. సర్టిఫికెట్ ప్రకారం అసలు 37,460. రెండూ కలిపితే 97,460. 80సి గరిష్ఠ పరిమితి 1,50,000 కనుక ఇంకా 52,540 ఖాళీ ఉందని లెక్క వేసుకుని, మార్చిలో 52,000 రూపాయలను అయిదేళ్ల పన్ను ఆదా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టాను. ఆ డిపాజిట్ గడువుకు ముందు తీయడానికి వీలుండదు, దాని మీద అప్పు కూడా పుట్టదు.

మే నెలలో అసలైన వార్షిక సర్టిఫికెట్ వచ్చింది. వడ్డీ 1,53,840. ఈఎంఐల ద్వారా తీరిన అసలు 62,100. ఆ కిందనే వేరే వరుసలో పార్ట్ పేమెంట్ 4,00,000. అంటే ఆ ఏడాది నేను తీర్చిన అసలు 4,62,100. ఇంటి అసలు నుంచి 80సికి నాకు కావలసింది 90,000 మాత్రమే, అది ఎప్పుడో నిండిపోయింది. ఆ 52,000 అయిదేళ్ల పాటు ఏ ప్రయోజనమూ లేకుండా తాళం వేసుకుని కూర్చుంది. ఇక వడ్డీ 24,640 ఎక్కువ చూపించినందున ఆఫీసులో టీడీఎస్ తక్కువ కోశారు. నేను 20 శాతం శ్లాబులో ఉన్నాను కనుక సెస్‌తో కలిపి 5,125 రూపాయలు రిటర్ను వేసేటప్పుడు కట్టాలి. ఆ పన్ను న్యాయంగా నేను కట్టవలసిందే, దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. డిపాజిట్ గురించే నా కడుపుమంట.

రెండు కాగితాలూ పట్టుకుని మళ్లీ అదే కౌంటర్‌కు వెళ్లాను. ఫిబ్రవరిలో మాట్లాడిన అధికారే ఉన్నారు. పాత సర్టిఫికెట్ పైభాగంలో, బ్యాంకు చిహ్నం పక్కన, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న "ప్రొవిజనల్" అనే మాటను పెన్నుతో సున్నా చుట్టి నాకు చూపించి, "చదువుకున్నవాళ్లే కదా సార్, పైన ఏముందో చూసుకోవాలి" అన్నారు. "ఇదే ఫైనల్ అని మీరే చెప్పారు కదా?" అని అడిగితే, "నోటిమాటకు బ్యాంకు బాధ్యత వహించదు" అని సెలవిచ్చారు. ఎంత చక్కటి నియమమో! నా సంతకం మాత్రం ఏడు చోట్ల అడుగుతారు.

అసలు ఏం జరిగిందంటే, ప్రొవిజనల్ సర్టిఫికెట్ అనేది జరిగిన లెక్క కాదు, జరగబోయేదాని అంచనా. సంవత్సరం మొదట్లో ఉన్న నిల్వ మీద, పన్నెండు ఈఎంఐలూ వేళకు వస్తాయని, మధ్యలో వడ్డీ రేటు మారదని, ముందస్తు చెల్లింపు ఉండదని అనుకుని తయారుచేసిన పట్టిక నుంచి ఆ అంకెలు వస్తాయి. నాకిచ్చింది ఆ ఏప్రిల్ పట్టికే. నాలుగు లక్షలు తగ్గినప్పటి నుంచి ప్రతి ఈఎంఐలోనూ వడ్డీ వాటా తగ్గి, అసలు వాటా పెరిగింది. ఎనిమిది నెలల్లో ఆ తేడాయే 24,640 అయింది. ఈఎంఐ మారలేదు కనుక పైకి ఏమీ కనిపించదు.

దీన్ని పట్టుకోవడానికి ఒక్క తీసివేత చాలు. లోన్ ఖాతా స్టేట్‌మెంట్ తీసుకుని, ఏప్రిల్ 1 నిల్వలోంచి మార్చి 31 నిల్వ తీసివేయండి. నా విషయంలో 20,00,000లోంచి 15,37,900 పోతే 4,62,100 వస్తుంది, అదే తీరిన అసలు. ఏడాదిలో కొత్తగా అప్పు విడుదల కాకుండా, ఏ రుసుమూ నిల్వకు కలపకుండా ఉంటే ఈ లెక్క తప్పదు. నేను ఫిబ్రవరిలో అప్పటి నిల్వ చూసి ఉన్నా చాలు, అది ఏప్రిల్ నిల్వకు నాలుగు లక్షలకు పైగా తక్కువగా ఉంది. కాగితమేమో ఏడాది మొత్తంలో 37,460 తగ్గుతుందని చెబుతోంది. ఆ తర్వాత కట్టిన మొత్తాన్ని కూడా సరిచూడండి. పన్నెండు ఈఎంఐలు 2,15,940, దానికి 4,00,000 కలిపితే 6,15,940. అసలు, వడ్డీ కూడినా అంతే రావాలి. ఏదైనా ఈఎంఐ బౌన్స్ అయి ఉంటే మాత్రం ఈ రెండు మొత్తాలూ కలవకపోవచ్చు, ఎందుకంటే 24(బి)కి ఆ ఏడాదికి చెల్లించవలసిన వడ్డీ లెక్కలోకి వస్తుంది, 80సికి నిజంగా చెల్లించిన అసలు మాత్రమే వస్తుంది.

ఆఫీసులో ప్రొవిజనల్ ఇచ్చేసినవారు కంగారు పడనక్కరలేదు. ఫారం 16లో ఏ అంకె ఉన్నా, రిటర్నులో అసలైన సర్టిఫికెట్ ప్రకారమే వేయాలి. ఇప్పుడు రిటర్నులో లోన్ ఖాతా నంబరుతో పాటు మార్చి 31 నాటి నిల్వ కూడా అడుగుతున్నారు, ప్రొవిజనల్ అంకెలతో అక్కడ దొరికిపోతారు. ఉమ్మడి అప్పు ఉన్న దంపతులకు సర్టిఫికెట్‌లో ఒకే మొత్తం ఉంటుంది, ఇద్దరూ అదే మొత్తం పూర్తిగా వేసుకోకూడదు, వాటా ప్రకారం పంచుకోవాలి. పార్ట్ పేమెంట్ కట్టినవారు 80సి కోసం కొత్తగా ఏదీ కొనకముందే, ఆ మొత్తం అసలులో చేరిందో లేదో బ్యాంకు నుంచి ఈమెయిల్‌లో రాతపూర్వకంగా తెప్పించుకోండి. కౌంటర్‌లో అడగకండి.