రేపటి వాన: యాప్‌లో శాతాన్ని నమ్మాలా, మ్యాప్‌లో గీతల్నా?

లండన్‌లో సెప్టెంబరు చివరి శనివారం సాయంత్రం 6 గంటలకు పార్కులో బతుకమ్మ పెట్టుకున్నారనుకోండి. ముందురోజు రాత్రి గ్రూపులోకి రెండు స్క్రీన్‌షాట్లు వస్తాయి. ఒకటి ఫోన్ యాప్‌ది. సాయంత్రం 4 నుంచి 9 దాకా ప్రతి గంటకీ చినుకుల బొమ్మ, పక్కన 40, 50, 60 శాతం. రెండోది బ్రిటన్ మెట్ ఆఫీస్ పీడన పటం. దాన్నిండా వంకర గీతలు, వాటి మీదుగా నీలం త్రిభుజాలు గుచ్చిన ఒక పొడవాటి గీత. ప్రోగ్రాం అనుకున్న టైంకే పెట్టాలా, ముందుకు తేవాలా అన్నదే ప్రశ్న అయితే నా ఓటు పటానికే.

యాప్ చూపే శాతం ఆ గంటలో వాన పడే అవకాశం. వాన వస్తుందో రాదో తెలియకపోయినా 50 శాతమే, తప్పకుండా వస్తుంది కానీ 6కో 8కో తెలియకపోయినా దాదాపు 50 శాతమే. మనకు ఈ రెండూ ఒకటి కావు. మొదటిదైతే హాలు వెతుక్కోవాలి, రెండోదైతే టైం మార్చుకుంటే చాలు. ఈ తేడా పటంలోనే కనిపిస్తుంది.

నీలం త్రిభుజాల గీత శీతల ఫ్రంట్. వెనక నుంచి చల్లగాలి వచ్చి ముందున్న వెచ్చటి, తేమగాలిని పైకి నెట్టే చోటు అది. త్రిభుజాలు ఎటు చూస్తే అటే దాని నడక. ఎర్రటి అర్ధవృత్తాలుంటే ఉష్ణ ఫ్రంట్. దానిది ఎక్కువసేపు కురిసే ముసురు. మన పటంలో ఉన్నది శీతల ఫ్రంట్ కాబట్టి దాని సంగతే చూద్దాం.

ముందు పటం మూలన ఉన్న టైం చదవాలి. స్క్రీన్‌షాట్ తీసినవాళ్లు ఆ మూలే కత్తిరించేసి ఉంటే ఆ బొమ్మ ఎందుకూ పనికిరాదు. టైం UTCలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది. సెప్టెంబరులో బ్రిటన్ గడియారం దానికన్నా గంట ముందు. ఇంకో మాట, ఒక్క పటంతో పని కాదు. తర్వాతి పటం కూడా కావాలి.

శనివారం 00 UTC పటంలో ఫ్రంట్ ఐర్లండ్ పడమటి తీరంలో గాల్వే దగ్గరుంది, 12 UTC పటంలో వేల్స్‌లోని కార్డిఫ్ మీదికొచ్చింది అనుకుందాం. అంటే 12 గంటల్లో సుమారు 6 డిగ్రీల రేఖాంశం నడిచింది. కార్డిఫ్ నుంచి లండన్ ఇంకో 3 డిగ్రీలు, అంటే 6 గంటలు. 18 UTC, మన గడియారంలో రాత్రి 7. వాన పట్టీ ఫ్రంట్ కన్నా కాస్త ముందే మొదలవుతుంది కాబట్టి సాయంత్రం 5 తర్వాత ఆకాశాన్ని నమ్మలేం. 6కు పెట్టుకున్న బతుకమ్మను 2 గంటలకు మారిస్తే పని జరిగిపోతుంది.

ఈ లెక్క ఎంత గట్టిదో చెప్పేవి పటం నిండా ఉన్న ఆ వంకర గీతలు. అవి ఐసోబార్లు, అంటే ఒకే వాయుపీడనం ఉన్న చోట్లను కలిపే సమభార రేఖలు. ఈ పటంలో వాటిని 4 మిల్లీబార్లకొకటి గీస్తారు. అవి ఫ్రంట్‌ను అడ్డంగా, దగ్గరదగ్గరగా కోసుకుని వెళ్తుంటే వెనక గాలి దాన్ని గట్టిగా తోస్తున్నట్టు. టైం ఓ గంటా రెండు గంటలు అటూఇటూ కావచ్చు, అంతే. రేఖలు ఫ్రంట్‌కు సమాంతరంగా పరుచుకుని ఉంటేనే టెన్షన్. తోసే గాలి లేక అది నత్తనడక నడుస్తుంది. దాని మీదే చిన్న అల్పపీడనం పుట్టి వానను గంటల తరబడి అక్కడే ఆపేయొచ్చు. అప్పుడు నా లెక్క పక్కన పెట్టి హాలు బుక్ చేసుకోవడమే. యాప్ మాత్రం రెండు సందర్భాల్లోనూ 50, 60 అనే చూపించవచ్చు.

యాప్ గెలిచేది ఫ్రంట్ దాటిపోయాక. గాలి నైరుతి నుంచి వాయవ్యానికి తిరిగి, ఒంటికి చలి తగిలిందంటే అది దాటినట్టే. వెనక వచ్చే జల్లులు చిన్నవి, ఒక వీధిలో పడి పక్క వీధిలో పడవు. అంత చిన్నవి పీడన పటంలో దొరకవు. అప్పుడు యాప్, అందులోనూ రాడార్ బొమ్మ చూడటమే మేలు.

ఈ విద్యను హైదరాబాద్‌లో ఉన్న అమ్మానాన్నలకు రేపటి వాన చెప్పడానికి వాడకండి. ఉష్ణమండలంలో చల్లగాలికీ వెచ్చగాలికీ మధ్య అంత పదునైన సరిహద్దు ఏర్పడదు, అందుకే మన వాతావరణ వార్తల్లో ఫ్రంట్లు ఉండవు, ద్రోణులూ అల్పపీడనాలే ఉంటాయి. గీతల దూరం కూడా అక్కడ వేరే అర్థమిస్తుంది. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ భూభ్రమణ ప్రభావం తగ్గుతుంది కాబట్టి, లండన్‌లో మామూలు గాలినిచ్చే గీతల మధ్య దూరమే హైదరాబాద్ అక్షాంశం దగ్గర లెక్క ప్రకారం రెండున్నర రెట్లకు పైగా గాలినివ్వాలి.