చాట్‌బాట్ చూపించే పరిశోధనలు నిజంగా ఉన్నాయా? రెండేళ్ల వాడకం తర్వాత

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కిడ్నీ జబ్బు గురించి ఏ కొత్త మాట వచ్చినా ఇక్కడ అరగంటలో వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేస్తుంది. నేను చాట్‌బాట్ ఎక్కువగా వాడేది కూడా ఈ జబ్బు గురించి చదవడానికే. క్రియాటినిన్ అంటే ఏమిటి, డయాలసిస్ ఎందుకు లాంటివి అడిగితే తేలిక తెలుగులో బాగా చెబుతుంది. ఆధారం చూపించమన్నప్పుడే తేడా కొడుతుంది.

ఈమధ్య మా గ్రూపులో ఒక పోస్టు తిరిగింది. మా దగ్గర కిడ్నీ జబ్బుకు బోరు నీళ్లలోని సిలికాయే కారణమని తేలిపోయిందట. కింద చాట్‌బాట్ ఇచ్చిన వివరాలు: రచయితల పేర్లు, పేరున్న జర్నల్, సంవత్సరం, పేజీలు, 10. తో మొదలయ్యే డీఓఐ. ఈ డీఓఐ ఒక్కో వ్యాసానికి ఒక్కటే ఉండే నంబరు. doi.org లో వేస్తే ఆ వ్యాసమే తెరుచుకోవాలి. వేసి చూశాను. తెరుచుకున్నది గుండె ఆపరేషన్ గురించిన వ్యాసం! DOI Not Found అని వచ్చి ఉంటే ఎవరికైనా అనుమానం వచ్చేది. ఏదో ఒకటి తెరుచుకుంటే మాత్రం లింకు పనిచేస్తోంది కదా అని శీర్షిక కూడా చూడకుండా పంపేస్తారు.

నంబరులో ఒక అంకె తప్పు పడి ఉండొచ్చు కాబట్టి అక్కడితో ఆగలేదు. శీర్షికను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్ స్కాలర్‌లో, తర్వాత వైద్య పరిశోధన వ్యాసాల జాబితా ఉండే పబ్‌మెడ్‌లో వెతికాను. దొరకలేదు. జర్నల్ వెబ్‌సైట్‌లో ఆ సంవత్సరం సంచిక తీస్తే ఆ పేజీల్లో వేరే వ్యాసం ఉంది. అంటే పోస్టులో చూపించిన ఆ వ్యాసమే లేదు. ఇంటర్నెట్‌లో వెతకకుండా జవాబిచ్చేటప్పుడు చాట్‌బాట్ ఏ జాబితా చూడదు, ఆధారాలు మామూలుగా ఎలా ఉంటాయో ఆ తీరులో పేర్లు, అంకెలు పేర్చేస్తుంది. 'ఇది నిజమేనా' అని దాన్నే అడిగి లాభం లేదు.

వెతికే సదుపాయం ఆన్ చేస్తే లింకులు చాలావరకు నిజమైనవే వస్తాయి. అప్పుడు చూడాల్సింది లోపలి విషయం. అలా వచ్చిన ఒక వ్యాసంలో ఎంతమందికి జబ్బు ఉందన్న లెక్క మాత్రమే ఉంది. చాట్‌బాట్ దాన్నే కారణానికి రుజువుగా చూపించింది. నీళ్లు, ఎండలో చాకిరీ, నొప్పి మాత్రలు అన్నిటి మీదా పరిశోధనలు జరిగినా, ఫలానా ఒక్కటే కారణమని ఇప్పటికీ తేలలేదు. మినరల్ వాటర్ టిన్నులు కొంటున్నాం కదా అని రక్తపరీక్షలు మానేసేవాళ్లున్న చోట ఇలాంటి పోస్టు చూస్తే నాకు టెన్షన్ పట్టుకుంటుంది.

అందుకే ఆధారాలు నేనే పబ్‌మెడ్‌లో వెతుక్కుంటున్నాను. పూర్తి వ్యాసానికి డబ్బు అడిగినా, సారాంశం సాధారణంగా ఉచితంగానే దొరుకుతుంది. దాన్ని కాపీ చేసి చాట్‌బాట్‌కిస్తే తెలుగులో చక్కగా చెబుతుంది. అంకెలు మాత్రం అసలుతో పోల్చుకున్నాకే గ్రూపులో పెడతాను, పక్కన డీఓఐ కూడా ఇస్తాను.