బ్యాండు తాకించి చెల్లించే మేళాలకు వెళ్తున్నారా? "మళ్లీ పెట్టండి" అంటే పెట్టకండి

హైదరాబాద్ శివార్లలో మొన్న వారాంతం జరిగిన సంగీత మేళా గురించే రాస్తున్నాను. ఏదో మీకు తెలిసే ఉంటుంది. లోపల నగదు చెల్లదు, యూపీఐ చెల్లదు. గేటు దగ్గర చేతికి కట్టిన బ్యాండులో డబ్బు వేయించుకుని, దుకాణం వాళ్ల మెషీనుకు తాకించాలి. 2,000 వేయించాను. బ్యాండు రుసుమంటూ 100 అక్కడే పోయింది, అది తిరిగి రాదట. సరే, 1,900 మిగిలింది.

బిర్యానీ 380. తాకించాను. తెరమీద చక్రం తిరిగి తిరిగి ఆగిపోయింది. "పడలేదు మేడమ్, మళ్లీ పెట్టండి" అన్నాడు కుర్రాడు. మళ్లీ పెట్టాను. కీచుమంది, పచ్చ దీపం వెలిగింది, 1,520 అని చూపించింది. లెక్క సరిపోయింది కదా అనుకున్నాను. గంట తర్వాత 120 పెట్టి లస్సీ కొంటే 1,400 ఉండాల్సిన చోట 1,020 ఉంది! తేడా అచ్చంగా ఇంకో బిర్యానీ.

జనం కిక్కిరిసినచోట నెట్‌వర్క్ అందక మెషీను మొదటి తాకిడిని తనలోనే దాచుకుంది. సిగ్నల్ రాగానే దాన్నీ పంపేసింది. రెండోది వేరే లావాదేవీ కింద అప్పటికే పడిపోయింది. ఒకే బ్యాండు, ఒకే దుకాణం, ఒకే మొత్తం, నిమిషం తేడా. దీన్ని పట్టుకోవడం వాళ్ల సర్వర్‌కు అంత కష్టమా?

ఇక సహాయ కౌంటర్ దగ్గరి మర్యాద వినండి. బ్యాండు చదివిచూసి, రెండు కోతలూ తన తెరమీద కనిపిస్తుండగానే, ఆ పెద్దమనిషి నవ్వుతూ అన్న మాట: "రెండుసార్లు తాకించింది మీరే కదండీ. రెండు ప్లేట్లు తినలేదని రుజువేమిటి?" వెనక వరుసలో ఉన్నవాళ్లూ నవ్వారు. నిజమే, ఖాళీ ప్లేటు దాచుకుని రావాల్సింది. "దుకాణం వాళ్లనే అడగండి" అన్నాడు. దుకాణం వాళ్లేమో "డబ్బు మా చేతికి రాదు, నిర్వాహకులకే వెళ్తుంది" అన్నారు. ఆ రెండు గుడారాల మధ్య తిరుగుతుండగానే నేను వినాలని వెళ్లిన కచేరీ కాస్తా అయిపోయింది.

బ్యాంకుకు ఫోన్ చేసినా లాభం లేదు. వాళ్లకు కనిపించేది 2,000 టాపప్ ఒక్కటే, అది సక్రమంగానే జరిగింది. బ్యాండులోపల ఏం కోసుకున్నారో చెప్పే లెక్క నిర్వాహకుల దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు. మిగిలిన డబ్బు కావాలంటే వాళ్ల వెబ్‌సైట్‌లో గడువులోగా అడగాలి, దానికీ 50 కోత!

వెళ్లేవాళ్లు ఒకేసారి పెద్ద మొత్తం వేయించకండి. బ్యాండు మీది నంబరును మీ ఫోన్ నంబరుతో ముందే నమోదు చేయించుకోండి, లేకపోతే బ్యాండు పోయినప్పుడు ఆపించడం కుదరదు. మెషీను మొరాయిస్తే రెండోసారి తాకించకుండా పక్క దుకాణంలో బ్యాలెన్స్ చూపించమనండి. అయితే అదీ పూర్తి భరోసా కాదు, ఇరుక్కున్న లావాదేవీ తర్వాతైనా పడొచ్చు. అందుకే ఆగిపోయిన తెరను, టైము కనిపించేలా, అక్కడే ఫొటో తీసుకోండి. నా దగ్గర లేనిది అదే.