మడతలతో మధ్యబిందు సిద్ధాంతం: ఏళ్లుగా వాడుతున్న పాఠ్య ప్రణాళిక గురించి

ఒక శిక్షణలో మా చేతికి వచ్చిన ఈ పాఠ్య ప్రణాళికను తొమ్మిదో తరగతి చతుర్భుజాల అధ్యాయంలో ఏళ్లుగా వాడుతున్నాను. త్రిభుజంలో రెండు భుజాల మధ్యబిందువులను కలిపే రేఖాఖండం మూడో భుజానికి సమాంతరంగా, అందులో సగంగా ఉంటుంది కదా. దాన్ని పిల్లలు మొదటి పీరియడ్‌లో కాగితం మడిచి చూడాలి, రెండో పీరియడ్‌లో నిరూపించాలి. మొదటి పీరియడ్ చాలా బాగా నడుస్తుంది. రెండోది ప్రణాళికలో ఉన్నది ఉన్నట్టు చేస్తే పిల్లలు నిరూపణ దగ్గర ఆగిపోతారు. ఎందుకు ఆగిపోతారో, ఏం మారిస్తే సాఫీగా సాగుతుందో రాస్తున్నాను. వాడాలనుకునే లెక్కల మాస్టార్లకు పనికొస్తుంది.

ముందు కాగితం సంగతి. ప్రణాళికలో 'ఏదైనా త్రిభుజాన్ని కత్తిరించుకోండి' అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. అలా వదిలేస్తే సగం మంది కాగితాన్ని నిలువుగా మధ్యకు మడిచి సమద్విబాహు త్రిభుజం కత్తిరిస్తారు. మడిచినప్పుడు పై శీర్షం సరిగ్గా భూమి మధ్యలో పడుతుంది. ఏ త్రిభుజానికైనా అక్కడే పడుతుందని వాళ్ల మనసులో నాటుకుపోతుంది, తర్వాత అది పోగొట్టడం కష్టం. అందుకే నేను కొలతలు ఇస్తాను: AB = 13, BC = 14, AC = 15 సెంటీమీటర్లు. ఏ4 కాగితాన్ని సగానికి చింపితే ఒక్కో ముక్కలో ఈ త్రిభుజం సరిపోతుంది. పాత ప్రశ్నపత్రాలు చక్కగా పనికొస్తాయి. చార్టు మందంగా ఉండి మడత దగ్గర లావెక్కుతుంది, కొలత తప్పుతుంది. 14 గీసి, వృత్తలేఖినితో 13, 15 చాపాలు గీస్తే A వస్తుంది. ఈ కొలతలే ఎందుకంటే A నుంచి BC మీదికి లంబం సరిగ్గా 12 వస్తుంది, లంబపాదం B నుంచి 5, C నుంచి 9 దూరంలో ఉంటుంది. అన్నీ పూర్ణ సంఖ్యలే కాబట్టి మడత ఎక్కడ పడాలో బల్లల మధ్య తిరుగుతూనే చూసి చెప్పేయొచ్చు.

ఇక మడతల వరుస. ప్రణాళిక ప్రకారం ముందు A ను B మీదకు తెచ్చి AB మధ్యబిందువు D గుర్తించాలి, అలాగే AC మీద E. తర్వాత DE వెంట మడిస్తే A వచ్చి BC ని తాకుతుంది. అప్పుడు స్కేలుతో DE, BC కొలవాలి, కోణమానినితో D, B దగ్గరి కోణాలు కొలవాలి. చూడటానికి బాగుంటుంది. కానీ ఇక్కడ జరిగేదంతా సరిచూడటమే, ఎందుకు అలా వస్తుందో ఒక్క మడత కూడా చెప్పదు. పైగా మధ్యబిందువు కోసం మడత మొత్తం గట్టిగా రుద్దేస్తారు. అక్కర్లేని గీతలు కాగితం నిండా పడి, DE ఏదో వెతుక్కోవాల్సి వస్తుంది. ఈ వరుసే పాటించేవాళ్లు, అంచు దగ్గర మాత్రమే చిన్నగా నొక్కి గుర్తు పెట్టమని పిల్లలకు ముందే చెప్పాలి.

నేను వరుస తిరగేశాను. ముందు లంబం. BC అంచులో B వైపు భాగాన్ని మిగతా అంచు మీదికే తెచ్చి, మడత A గుండా పోయేలా సర్ది నొక్కాలి. మడత BC ని కలిసే చోటు P. BP = 5 వచ్చిందో లేదో చూడమంటాను. విప్పి, ఇప్పుడు A ను P మీద పెట్టి మడవాలి. ఈ మడత AB ని D దగ్గర, AC ని E దగ్గర కోస్తుంది. మధ్యబిందువుల ఊసు ఇంకా ఎత్తలేదు.

ఇక్కడి నుంచి మడతలే కారణాలు చెబుతాయి. A సరిగ్గా P మీద పడింది కాబట్టి మడత గీత AP కి లంబం. BC కూడా AP కి లంబమే. ఒకే గీతకు లంబంగా ఉన్న రెండు గీతలు సమాంతరం. కోణమానిని అవసరమే రాదు. తర్వాతి ప్రశ్న: D నిజంగా AB మధ్యలో ఉందా? మడిచినప్పుడు DA వచ్చి DP మీద కూర్చుంది, కాబట్టి DA = DP, అంటే ∠DAP = ∠DPA. APB లంబకోణ త్రిభుజం కాబట్టి B దగ్గరి కోణం, ∠DAP కలిపితే 90°. P దగ్గర ∠DPB, ∠DPA కలిపినా 90°. రెండు చోట్లా సమాన కోణాలు తీసేస్తే మిగిలేది ∠B = ∠DPB. కాబట్టి DB = DP. DA, DP, DB మూడూ సమానం, D మధ్యబిందువే. అటు పక్క E కి కూడా ఇదే మాట. అప్పుడు A ను B మీదకు తెచ్చి అంచు దగ్గర నొక్కి చూడమంటే గుర్తు సరిగ్గా D మీద పడుతుంది. పిల్లల మొహాలు వెలిగేది ఆ క్షణంలోనే.

ఒక్క మెలిక మిగులుతుంది. సిద్ధాంతం మధ్యబిందువులతో మొదలవుతుంది, మనం మధ్యబిందువుల దగ్గరికి చేరుకున్నాం. ఒక భుజానికి మధ్యబిందువు ఒకటే కాబట్టి, మధ్యబిందువులను కలిపే గీత, మన మడత గీత రెండూ ఒకటే అని నోటితో చెప్పించాలి. ఈ వాక్యం వదిలేస్తే నిరూపణ వెనక నుంచి వచ్చినట్టు ఉంటుంది. తరగతిలో బాగా ఆలోచించేవాళ్లు తప్పకుండా అడుగుతారు.

సగం సంగతికి A ను మళ్లీ P మీద మడిచి ఉంచి, B ని, C ని కూడా P మీదకు తేవాలి. DB = DP కాబట్టి B మడత D గుండానే పోతుంది, BC కి లంబంగా ఉంటుంది. అలాగే C మడత E గుండా. చేతిలో దీర్ఘచతురస్రం మిగులుతుంది. కింది అంచు 5 లో సగం 2.5, 9 లో సగం 4.5, మొత్తం 7. పై అంచు DE. ఎదురెదురు అంచులు సమానం కాబట్టి DE కూడా 7, అంటే 14 లో సగం. ఎత్తు 6. మూడు కోణాలూ P దగ్గర ఒక సరళరేఖలో సర్దుకున్నాయి కాబట్టి కోణాల మొత్తం 180° అన్న పాత పాఠం కూడా కంటి ముందే ఉంటుంది. మూడు మూలల మధ్య సందు కనిపించినా, ఒకదాని మీద ఒకటి ఎక్కినా మొదటి లంబం మడత పక్కకు పోయిందని అర్థం. అది మళ్లీ చేయించాలి.

ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు 'సార్, నాకు 6.8 వచ్చింది' అంటారు. కొలిచి సరిచూసే పద్ధతిలో ఆ ప్రశ్నకు సరైన జవాబు ఉండదు, 'సుమారుగా అంతే' అనాల్సి వస్తుంది. కారణాలతో మడిచిన తరగతిలో 2 మిల్లీమీటర్ల తేడా చేతిదని, సిద్ధాంతానిది కాదని పిల్లలే పక్కవాడికి చెబుతారు. వరుస మార్చడంలో నాకు కనిపించిన పెద్ద లాభం ఇదే.

ఇప్పుడు రెండో పీరియడ్. మడతలు అయ్యాక ప్రణాళిక నేరుగా పాఠ్యపుస్తకంలోని నిరూపణకు దూకుతుంది: C గుండా AB కి సమాంతరంగా గీత గీసి, పొడిగించిన DE ని F దగ్గర కలపండి అని. 'ఆ గీత ఎక్కడి నుంచి వచ్చింది సార్?' అని పిల్లలు అడుగుతారు. అడగడంలో న్యాయం ఉంది, ఎందుకంటే వాళ్లు మడిచిన దానిలో ఆ గీత ఎక్కడా లేదు. కాగితం మడవడం అంటే పరావర్తనం, అంటే అద్దంలో బొమ్మ పడటం. పుస్తకంలోని నిరూపణ వెనక ఉన్నది E చుట్టూ అరచుట్టు తిప్పడం. రెండూ వేర్వేరు కదలికలు. ఒకటి చూపించి రెండోది రాయమంటే బట్టీ పట్టడం తప్ప వాళ్లకు దారి ఉండదు.

దీనికి కత్తెర కావాలి. ఇంకో త్రిభుజం తీసుకుని DE వెంట కత్తిరించి, పై ముక్క ADE ని E దగ్గర వేలితో నొక్కిపట్టి, A వచ్చి C మీద పడేదాకా తిప్పాలి. AE = EC కాబట్టి సరిగ్గా పడుతుంది. D వెళ్లి చేరిన చోటే పుస్తకంలోని F. ఇప్పుడు బల్ల మీద BCFD సమాంతర చతుర్భుజం కనిపిస్తుంది. ఇక నిరూపణ రాయడం దీన్ని మాటల్లో పెట్టడమే: E దగ్గర శీర్షాభిముఖ కోణాలు సమానం, AE = EC, A, C ల దగ్గర ఏకాంతర కోణాలు సమానం, కో.భు.కో. నియమం ప్రకారం త్రిభుజాలు ADE, CFE సర్వసమానాలు. CF = AD = BD, పైగా CF, BD సమాంతరం, కాబట్టి BCFD సమాంతర చతుర్భుజం. DF = BC, DE = EF, అయిపోయింది. ఈ పనికి పది నిమిషాలు పడుతుంది. ఒక్కో బల్లకు ఒక కత్తెర చాలు.

ప్రణాళికలో ఒక చోట తప్పే ఉంది. చివరి కృత్యంలో మూడు మధ్యబిందువులనూ కలిపి, మూడు మూలలనూ లోపలికి మడిస్తే మూడూ మధ్య త్రిభుజం మీద సరిగ్గా కూర్చుంటాయి, కాబట్టి నాలుగు త్రిభుజాలూ సర్వసమానాలు అని రాశారు. సమబాహు త్రిభుజానికి తప్ప అలా జరగదు. మన కొలతలతోనే చూడండి. BC మధ్యబిందువు B నుంచి 7 దూరంలో ఉంది. A మూల మడిస్తే పడేది 5 దగ్గర. రెండు సెంటీమీటర్ల తేడా. నాలుగూ సర్వసమానాలే, అందులో అనుమానం లేదు. కానీ మధ్య త్రిభుజం మీద కూర్చోవాలంటే మూలను కత్తిరించి అరచుట్టు తిప్పాలి, మడిస్తే కుదరదు. ఈ కృత్యాన్ని నేను తీసేయలేదు. ముందు మడిపించి ఎందుకు కూర్చోలేదో అడుగుతాను, తర్వాత కత్తిరించి తిప్పిస్తాను. మడవడానికీ తిప్పడానికీ తేడా ఇక్కడ తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు.

మడతకు ఇంకో హద్దు ఉంది. B గానీ C గానీ అధిక కోణమైతే లంబపాదం కాగితం బయట పడుతుంది, P మీద పెట్టడానికి అక్కడ కాగితమే ఉండదు. ప్రణాళిక దీని ఊసెత్తదు. అన్నిటికంటే పెద్ద భుజాన్ని భూమిగా పెడితే ఈ ఇబ్బంది రాదు. అయితే అలా మాత్రమే చేయిస్తే అధిక కోణ త్రిభుజంలో మిగతా భుజాలకు సిద్ధాంతం వర్తించదని కొందరు అనుకుంటారు. అందుకని అలాంటి త్రిభుజం ఒకటి ఇచ్చి, చిన్న భుజాన్ని భూమిగా పెట్టి కత్తెర పద్ధతి చేయిస్తాను. E చుట్టూ తిప్పడానికి లంబపాదంతో పని లేదు కాబట్టి ఏ త్రిభుజమైనా, ఏ భుజమైనా అది పని చేస్తుంది.

సమయం విషయంలో ప్రణాళిక లెక్క కొంచెం ఆశగా ఉంది. త్రిభుజం గీసి కత్తిరించడానికే పావుగంట పోతుంది. ముందు రోజు ఇంటి పనిగా రెండు త్రిభుజాలు కత్తిరించి తెమ్మంటే రెండు పీరియడ్లలో అంతా అవుతుంది. తేనివాళ్ల కోసం నాలుగైదు అదనంగా నా దగ్గర పెట్టుకుంటాను. మూడో పీరియడ్ దొరికితే ఏదో ఒక వంకర చతుర్భుజం కత్తిరించి, నాలుగు భుజాల మధ్యబిందువులను అంచు దగ్గర నొక్కి గుర్తించి వరుసగా కలపమనండి. సమాంతర చతుర్భుజం వస్తుంది. ఒక కర్ణం వెంట మడిచి విప్పమంటే చతుర్భుజం రెండు త్రిభుజాలుగా కనిపిస్తుంది, ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేకుండానే చాలామంది రాసేస్తారు.