అరటికాయ ముక్క చెదరకుండా ఉడకాలంటే కుక్కర్ మేలా, విడి గిన్నె మేలా?

ముందు ఏ కూర చేస్తున్నామో చూసుకోవాలి. ఆవ పెట్టిన కూరకైతే కాయను చిదుముకోవాలి కాబట్టి కుక్కరే హాయి. కాయను తొక్కతోనే అడ్డంగా రెండు ముక్కలు చేసి, నీళ్లు తగలకుండా పై గిన్నెలో పెట్టి ఒక్క విజిల్ రానిస్తే చాలు. తొక్క ఉంటుంది కనుక లోపల నీరు పట్టదు, చిదిమితే పొడిపొడిగా వస్తుంది.

కారం పెట్టి వేయించే కూరకు మాత్రం నేను కుక్కర్ జోలికి పోను. స్టవ్ కట్టేసినా ఆవిరి దిగేదాకా లోపల ముక్క ఉడుకుతూనే ఉంటుంది. మూత తీసేసరికి అంచులు కరిగిపోయి, పోపులో రెండుసార్లు కలిపితే ముద్దయిపోతుంది. పైగా మధ్యలో మూత తీసి చూసే వీలుండదు.

విడి గిన్నెలో ఇలా చేస్తాను. రెండు అరటికాయలు చెక్కు తీసి, అంగుళం ముక్కలు కోసి, నల్లబడకుండా పలచటి మజ్జిగ నీళ్లలో వేస్తాను. ముక్కలన్నీ ఒకే సైజులో ఉండాలి, లేకపోతే చిన్నవి చెదిరాక గానీ పెద్దవి ఉడకవు. మూడు గ్లాసుల నీళ్లు తెర్లుతుండగా చెంచా ఉప్పు, చిటికెడు పసుపు, రెండు చెంచాల పలచటి చింతపండు రసం వేసి, మజ్జిగ నీళ్లు వంచేసిన ముక్కలు అందులో వేస్తాను. పులుపు తగిలితే ముక్క గట్టిదనం త్వరగా వదలదు, అంచు విరగదు. అయిదో నిమిషం నుంచి చాకు మొనతో గుచ్చి చూస్తుంటాను. మొన సులువుగా దిగి, సరిగ్గా నడుమ కొంచెం ఆగినట్టు అనిపించాలి. నాకు సాధారణంగా ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. వెంటనే చిల్లుల గిన్నెలో వార్చి, పళ్లెంలో పలచగా పరుస్తాను. కుప్పగా వదిలేస్తే ఆ వేడికే ఇంకా ఉడుకుతాయి. పది నిమిషాలు ఆరితే ముక్క బిగుస్తుంది, ఆ తర్వాతే పోపులో వేయాలి.

కందకూ ఇదే పద్ధతి మంచిది. దురద పోవడానికి చింతపండు ఎలాగూ వేస్తాం. ఒక గడ్డ వెన్నలా ఉడుకుతుంది, ఇంకోటి ఎంతసేపటికీ లొంగదు, కాబట్టి కళ్ల ముందు ఉడికించుకోవడమే నయం.

ములక్కాడ దగ్గర మాత్రం ఆ పులుపే ఇబ్బంది. మొదట్లోనే చింతపండు పులుసు పోస్తే గుజ్జు త్వరగా మెత్తబడదు, చాలాసేపు మరిగించినా పీచుకు అంటుకునే ఉంటుంది. ముందు ఉప్పు నీళ్లలో ఉడకనిచ్చి, ఒక ముక్క తీసి వేళ్లతో విప్పితే గుజ్జు కదిలినప్పుడు పులుసు పోయాలి. ఆ తర్వాత మరిగినా కాడ త్వరగా విచ్చుకోదు. కుక్కర్లో పెడితే మూడు పీలికలుగా విడిపోయి పులుసంతా పీచే.