జాగ్రత్త: ఆఫర్ వచ్చాక "బీజీవీ క్లియర్ చేయిస్తాం" అనేవాళ్లకు డబ్బు కట్టకండి

ఆఫర్ లెటర్ వచ్చి, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఏదో తేడా పడుతుందని టెన్షన్ పడుతున్న తిరుపతి, చిత్తూరు వాళ్ల కోసం ఇది. ఆ టెన్షన్ మీదే బతికే కన్సల్టెన్సీలు ఊళ్లో ఉన్నాయి. తిరుపతిలో అలాంటి ఒకదానికి మా తమ్ముడు 8,000 కట్టాడు. పేరు రాయడం లేదు. బోర్డు మార్చుకోవడం వాళ్లకెంతసేపు? పనిచేసే తీరు తెలిస్తే చాలు.

వాడు మొదటి కంపెనీలో చివరిగా పనిచేసింది 2024 జూన్ 14న. రెండో కంపెనీలో చేరింది జూన్ 24న. రిలీవింగ్ లెటర్, జాయినింగ్ లెటర్ అవే తేదీలు చెబుతున్నాయి. కానీ పీఎఫ్ సైట్‌లో Service History తెరిస్తే మొదటి కంపెనీ వదిలిన తేదీ జూన్ 30 అని ఉంది. హెచ్‌ఆర్ వాళ్లు నెలాఖరు తేదీ వేసేశారు, అంతే. చూసేవాళ్లకు మాత్రం వారం రోజులు రెండు చోట్లా ఉద్యోగం చేసినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు ఆఫర్ ఇచ్చిన చెన్నై కంపెనీ యూఏఎన్ వివరాలు అడిగేసరికి వాడికి నిద్ర పట్టలేదు.

"లోపల మనవాళ్లున్నారు సార్, రిపోర్టులో రెడ్ మార్క్ రాకుండా చూసుకుంటాం" అని కన్సల్టెన్సీ వాళ్లు డబ్బు కట్టించుకున్నారు. తర్వాత పంపింది ఒక పీడీఎఫ్. మొదటి కంపెనీ లెటర్‌హెడ్, కింద అదే సంతకం, చివరి పనిరోజు మాత్రం జూన్ 30 అని మార్చిన రిలీవింగ్ లెటర్. జూమ్ చేసి చూస్తే తేదీ ఉన్న చోట అంకెలు పక్క అక్షరాల కంటే లావుగా ఉన్నాయి.

ఆ లెటర్ అప్‌లోడ్ చేస్తే ఏమయ్యేదో చూడండి. వెరిఫికేషన్ ఏజెన్సీ మనమిచ్చిన కాగితాన్ని నమ్మి ఊరుకోదు, పాత కంపెనీ హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి తేదీలు అడుగుతుంది. వాళ్లు జూన్ 14 అంటారు. పీఎఫ్‌లో గుమస్తా పొరపాటు అనుకుని వదిలేయగలిగే తేడా కాస్తా దొంగ డాక్యుమెంట్ కేసు అవుతుంది. ఒకవేళ హెచ్‌ఆర్ జవాబివ్వకపోతే ఇంకా ఘోరం: జూన్ 30 దాకా అక్కడే ఉన్నానని, రెండు ఉద్యోగాలు చేశానని మనమే కాగితం మీద ఒప్పుకున్నట్టు. ఎనిమిది వేలు తీసుకుని చేసిన తెలివైన పని ఇది.

నిజానికి వాడి పక్షాన సాక్ష్యం పీఎఫ్ పాస్‌బుక్‌లోనే ఉంది. వాడి బేసిక్ రెండు చోట్లా 15,000. పూర్తి నెలకు ఉద్యోగి వాటా 12 శాతం, అంటే 1,800 పడాలి. జూన్ నెలకు మొదటి కంపెనీ నుంచి పడింది 840. ముప్పై రోజుల్లో 14 రోజుల బేసిక్ 7,000, దానిమీద 12 శాతం సరిగ్గా అంతే. రెండో కంపెనీ నుంచి 420 పడింది, అది చివరి ఏడు రోజులది. మీ కంపెనీ పీఎఫ్ వేరే పద్ధతిలో కట్టి ఉంటే లెక్క ఇంత నున్నగా రాకపోవచ్చు. అప్పుడు ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ షీట్‌లో జీతం ఎన్ని రోజులకు ఇచ్చారో చూపించండి.

వాడు ఆ పీడీఎఫ్‌ను పక్కనపెట్టి, వెరిఫికేషన్ ఫారం నింపేటప్పుడు అసలు తేదీలే రాశాడు. ఏజెన్సీ అడగకముందే కొత్త కంపెనీ హెచ్‌ఆర్‌కు చిన్న మెయిల్ పెట్టాడు: పీఎఫ్‌లో తేదీ ఇలా ఉంది, అసలు చివరి పనిరోజు ఇది, రిలీవింగ్ లెటర్, సెటిల్‌మెంట్ షీట్, పాస్‌బుక్ జతచేశాను అని. పాత హెచ్‌ఆర్‌ను బతిమాలి, కంపెనీ మెయిల్ ఐడీ నుంచే "చివరి పనిరోజు జూన్ 14" అని ఒక్క లైను రాయించుకున్నాడు. రిపోర్టులో తేడా అని రాశారు, వివరణ ఉందని కూడా రాశారు. హెచ్‌ఆర్ ఒప్పుకుంది, వాడు చేరాడు. పీఎఫ్‌లో తేదీ దిద్దించడానికి జాయింట్ డిక్లరేషన్ అనే దారి ఉంది, కానీ పాత కంపెనీ కదలాల్సి వస్తే జాయినింగ్ తేదీలోపు అవుతుందని నమ్ముకోకండి.

పాత కంపెనీ అసలు ఏ తేదీ వేయకుండా ఖాళీగా వదిలేసిందా? చివరి పీఎఫ్ జమ తర్వాత రెండు నెలలు గడిస్తే Mark Exit లో మీరే వేసుకోవచ్చు. ఆధార్ ఓటీపీ వస్తుంది. తొందరపడి తప్పు తేదీ కొట్టకండి, దాన్ని మార్చడం మళ్లీ పెద్ద తతంగం. ఆ ఓటీపీ ఏ కన్సల్టెన్సీకీ చెప్పకండి. మావాడిని వాళ్లు అదీ అడిగారు.

డిగ్రీకి కూడా వాళ్ల దగ్గర ప్యాకేజీ ఉంది, "యూనివర్సిటీ వెరిఫికేషన్ చేయించి పెడతాం" అని. ఎస్వీయూ అయినా జేఎన్‌టీయూ అనంతపురం అయినా ఏజెన్సీయే నేరుగా యూనివర్సిటీని అడుగుతుంది, మధ్యలో వీళ్లెవరు? మీరు చూసుకోవాల్సింది పాసైన సంవత్సరం. కోర్సు 2019లో ముగిసి, మిగిలిన ఒక సబ్జెక్టు సప్లిమెంటరీలో 2020లో పాసై ఉంటే, ఫారంలో పాసైన ఏడాది 2020 అనే రాయాలి, మార్కుల మెమోలో ఉన్నట్టే. పేరులో ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటే టెన్త్ మెమో జతచేసి ముందే చెప్పేయండి.

8,000 మాత్రం ఇంకా తిరిగి రాలేదు. "సర్వీస్ ఇచ్చేశాం కదా సార్" అంటున్నారు, ఆ పీడీఎఫ్‌ను చూపించి. రసీదు అడిగితే ఇవ్వలేదు, ఫోన్‌పేలో పంపిన స్క్రీన్‌షాట్ మాత్రం మా దగ్గరుంది. ఇదే ప్యాకేజీకి డబ్బు కట్టినవాళ్లు ఇంకెవరైనా ఉంటే మీ స్క్రీన్‌షాట్లు, వాళ్లు పంపిన లెటర్లు డిలీట్ చేయకండి. కలిసి ఫిర్యాదు ఇద్దాం.