సీరమ్‌కీ ఆంపూల్‌కీ తేడా ఎంత?

బీసెంట్ రోడ్డు షాపులో మా చెల్లి ముఖానికి రాసుకునే సీరమ్, ఆంపూల్ సీసాలు రెండూ పట్టుకుని, "అక్కా, ఆంపూల్ అంటే సీరమ్ కన్నా గాఢమట కదా?" అంది. లేబుళ్లు చూశాం. సీరమ్‌లో విటమిన్ బి3 రకమైన నియాసినమైడ్ 10 శాతం, ఆంపూల్‌లో 5 శాతమే! ఆంపూల్ ఇంత గాఢంగా ఉండాలన్న నియమమేదీ లేదు, ఆ పేరు కంపెనీ ఇష్టం. ఎసెన్స్ పేరుతో అమ్మేదీ అంతే, కాకపోతే సాధారణంగా నీళ్లలా ఉంటుంది.

అసలు తేడా ఎమల్షన్‌దే. అందులో నూనె, నీరు కలిసి పల్చటి పాలలా ఉంటాయి. చేతి మీద సీరమ్, ఎమల్షన్ ఒక్కో చుక్క రాసి చూశాం. సీరమ్ ఇంకిపోయింది, ఎమల్షన్ మెత్తటి పొర వదిలింది. మే నెల బెజవాడ ఉక్కలో చెల్లి జిడ్డు చర్మానికి ఆ సీరమ్ చాలు, మంట పుడితే 5 శాతానికి దిగాలి. రోజంతా ఏసీలో కూర్చుని బుగ్గలు బిగుసుకుపోయే నాకు మాత్రం పైన ఎమల్షన్ కావాల్సిందే.